పైకి రాసిన కాగితం కిందికే దిగుతుంది

సోమవారం నరసరావుపేట కలెక్టరేట్‌లో ఇచ్చిన అర్జీ ఆ తర్వాత ఎటు వెళ్తుందో చాలామంది అర్జీదారులకు తెలియదు. నాదెండ్ల మండలంలోని ఒక రైతు, తన పొలానికి సబ్‌డివిజన్ కావడం లేదని కలెక్టరు గారికి రాసి ఇచ్చాడనుకుందాం. అక్కడ దానికొక నంబరు పడుతుంది. కాగితాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి, విషయాన్ని బట్టి ఒక శాఖకు, ఆ శాఖలో ఒక అధికారి లాగిన్‌కు పంపుతారు. భూమి విషయమైతే ఆ అధికారి చాలాసార్లు నాదెండ్ల తహసీల్దారే. ఎవరి దగ్గర పని ఆగిందని రైతు పైకి వెళ్లాడో, ఆ కాగితం తిరిగి వారి బల్ల మీదికే వచ్చి సమాధానం అడుగుతుంది.

ఇందులో మోసమేమీ లేదు. పై అధికారికి ఆ పొలం గురించి తెలియదు, రికార్డు ఆయన దగ్గర ఉండదు, కొలిచే మనుషులు ఆయన కింద నేరుగా ఉండరు. కింది వారిని అడగకుండా నిర్ణయం తీసుకుంటే అదే తప్పవుతుంది. గణపవరం స్పిన్నింగు మిల్లులో షిఫ్టు సూపర్‌వైజరును దాటి మేనేజరు దగ్గరికి వెళ్లిన కార్మికుడి విషయంలోనూ, హైదరాబాదు సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు పైనున్న డైరెక్టరుకు మెయిల్ పెట్టిన ఉద్యోగి విషయంలోనూ జరిగేది ఇదే. పైవారు ముందుగా చేసే పని, మధ్యలో ఉన్నవారిని పిలిచి 'ఏం జరిగింది?' అని అడగడం.

కాబట్టి పైకి రాసే ప్రతి కాగితానికీ ఇద్దరు పాఠకులుంటారు. ఒకరు దాన్ని అందుకునే పై అధికారి. రెండోవారు, దానికి జవాబు రాయాల్సిన మధ్య అధికారి. దాటి వెళ్లినట్టు, నింద వేసినట్టు అనిపించకుండా పైకి వెళ్లడమెలా అన్న ప్రశ్నకు సమాధానం ఈ రెండో పాఠకుడి దగ్గరే ఉందని నా అభిప్రాయం. ఆయన ఆ కాగితం చదివి, 'ఇందులో ఉన్నది నిజమే, నాకూ ఇది తేలితే మంచిది' అనుకోగలిగితే పని కదులుతుంది. 'నా మీద రాశాడు' అనుకుంటే, ఆయన పంపే రిపోర్టు ఆయన్ను కాపాడుకోవడానికే సరిపోతుంది.

పల్నాడులో ఈ విషయం ఈమధ్య మరింత ముందుకొచ్చింది. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడక ముందు నాదెండ్ల రైతుకు కలెక్టరు ఉండేది గుంటూరులో, ఆర్డీఓ ఉండేది నరసరావుపేటలో. ఇప్పుడు ఇద్దరూ నరసరావుపేటలోనే. ఎలాగూ అదే ఊరికి వెళ్లాలి కాబట్టి ఆర్డీఓ దగ్గర ఆగడమెందుకు, నేరుగా కలెక్టరు దగ్గరికే వెళ్దామనుకోవడం సహజం. కానీ ఒక మెట్టు ఎక్కడానికీ రెండు మెట్లు ఒకేసారి దాటడానికీ తేడా ఉంది. ఒక మెట్టు ఎక్కితే పై అధికారి తన కింది అధికారిని నేరుగా పిలిచి మాట్లాడతారు. రెండు మెట్లు దాటితే కాగితం ఇద్దరి గుండా దిగి వస్తుంది, ఆ ఇద్దరూ తమను దాటారనే అనుకుంటారు.

అసలు పైకి వెళ్లే ముందు పని ఎందుకు ఆగిందో తెలుసుకోవాలి. చాలామంది దీన్ని వదిలేస్తారు. ఆగడానికి కారణాలు మూడు రకాలు. మొదటిది, ఆ అధికారికి ఆ పని చేసే అధికారం గానీ వనరు గానీ లేకపోవడం. రెండోది, అధికారం ఉన్నా నిర్ణయం తీసుకోకపోవడం. మూడోది, నిర్ణయం తీసుకున్నారు కానీ అది మనకు వ్యతిరేకంగా ఉండటం. మూడింటినీ బయట నుంచి చూస్తే 'పని కాలేదు' అన్నట్టే కనిపిస్తుంది. కానీ మొదటిదానికి కావలసింది పై నుంచి సాయం, రెండోదానికి గడువు, మూడోదానికి అప్పీలు. మొదటి రకం ఇబ్బందిలో ఉన్న అధికారి మీద రెండో రకం ఆరోపణ చేస్తే, మనకు తోడు రావాల్సిన మనిషిని మనమే ఎదురు నిలబెట్టుకున్నట్టు.

ఒక ఉదాహరణను మొదటి నుంచి చివరిదాకా చూద్దాం. ఇది ఊహించి చెప్పేదే అయినా, ఇందులోని చిక్కులు మండలాఫీసుల్లో రోజూ కనిపించేవే. నాదెండ్ల మండలంలో రీసర్వే పూర్తయిన ఒక ఊళ్లో ఒక రైతు రెండెకరాల కమతంలోంచి 80 సెంట్లు కొన్నాడు. రిజిస్ట్రేషన్ అయింది. ఆ 80 సెంట్లు విడిగా తన పేరున పాసుపుస్తకంలో ఎక్కాలంటే ముందు సబ్‌డివిజన్ జరగాలి, అంటే సర్వేయరు వచ్చి కొలిచి కొత్త హద్దు గీయాలి. రైతు సచివాలయంలో దరఖాస్తు పెట్టాడు, రశీదు తీసుకున్నాడు. గడువు దాటి నెల అయింది. గ్రామ సర్వేయరు కనిపించినప్పుడల్లా 'వచ్చే వారం చూద్దాం' అంటున్నాడు. 'చేయి తడిపితే గానీ రాడు' అని పక్క పొలం వాళ్లు రైతుకు చెప్పారు.

అసలు కారణం వేరు. రీసర్వే అయిన ఊళ్లో హద్దులు ఉపగ్రహ సంకేతాలతో తీసుకున్న నిర్దేశాంకాల మీద ఉంటాయి. కొత్త హద్దు కూడా వాటికి అతకాలి కాబట్టి పాత గొలుసు కొలత చాలదు, రోవర్ పరికరం కావాలి. మండలానికి అందుబాటులో ఉన్న రోవర్‌ను వేరే ఊళ్లలో రీసర్వే పనికి పంపారు. దాన్ని వెనక్కి తెప్పించడం గ్రామ సర్వేయరు చేతిలో లేదు, ఆయన పైనున్న మండల సర్వేయరు చేతిలోనూ లేదు. కేటాయింపు జిల్లా సర్వే కార్యాలయం చూస్తోంది. మండల సర్వేయరుకు విషయం నోటిమాటగా తెలుసు, కానీ కాగితం మీద ఎక్కడా లేదు. కాగితం మీద లేనిది జిల్లా కార్యాలయానికి లేనట్టే.

ఇక్కడ పైకి వెళ్లాల్సినవాళ్లు ఇద్దరు. ముందు గ్రామ సర్వేయరు, తర్వాత రైతు.

గ్రామ సర్వేయరు తిన్నగా జిల్లా కార్యాలయానికి రాస్తే, మండల సర్వేయరు పట్టించుకోలేదని చెప్పినట్టవుతుంది. రాయకుండా ఊరుకుంటే రైతు దృష్టిలో తనే దోషి. మన కార్యాలయాల్లో దీనికి పాత పద్ధతి ఒకటుంది, త్రూ ప్రాపర్ ఛానెల్. లేఖ జిల్లా అధికారి పేరునే రాస్తారు, కానీ కింద 'మండల సర్వేయరు ద్వారా' అని పెట్టి ఆయన చేతికే ఇస్తారు. ఆయన దాని మీద తన మాట రాసి పైకి పంపుతారు. దీన్ని ఒట్టి లాంఛనమనుకోవడం పొరపాటు. మధ్య అధికారి సంతకంతో వెళ్లినప్పుడు అది ఒక ఉద్యోగి ఫిర్యాదుగా కాక మండలం నుంచి వచ్చిన అవసరంగా కనిపిస్తుంది.

ఆ లేఖలో ఏముండాలి? ఇలా ఉంటే చాలు: 'ఈ గ్రామంలో సబ్‌డివిజన్ దరఖాస్తులు గడువు దాటి ఉన్నవి ఇన్ని. వాటి నంబర్లు జతపరిచాను. రికార్డు పరిశీలన, నోటీసులు పూర్తయ్యాయి. మిగిలింది రోవర్‌తో కొలత మాత్రమే. రోవర్ ప్రస్తుతం రీసర్వే పనిలో ఉంది. మండల సర్వేయరు గారి సూచన మేరకు అన్ని దరఖాస్తులనూ వరుసగా ఒకేసారి కొలిచేలా ప్రణాళిక వేసుకున్నాను. వారంలో రెండు రోజులు రోవర్ ఇప్పిస్తే ఇవి పూర్తవుతాయి. వీలుకాని పక్షంలో దరఖాస్తుదారులకు ఏ తేదీ చెప్పాలో తెలుపగలరు.'

ఈ లేఖలో 'చేయలేదు' అన్న మాట ఎవరి గురించీ లేదు. జరిగిన పని ముందు చెప్పారు, ఆగినచోటు చూపించారు, కావలసిన నిర్ణయం ఒక్కటే అడిగారు. చివరి వాక్యం అన్నింటికన్నా ముఖ్యం. పై అధికారి 'ఇస్తాను' అనవచ్చు, 'ఇవ్వలేను, ఫలానా తేదీ చెప్పండి' అనవచ్చు. రెండింటిలో ఏది వచ్చినా సర్వేయరుకు చేతిలో సమాధానం ఉంటుంది. అడిగినదానికి కాదని చెప్పే వీలు కూడా ఉంచితే పై అధికారికి ఇరుకున పెట్టినట్టు అనిపించదు.

ఇదే లేఖను చెడగొట్టడం తేలిక. 'పలుమార్లు విన్నవించినా మండల సర్వేయరు గారు స్పందించలేదు' అన్న ఒక్క వాక్యం చేరిస్తే చాలు. అది అక్షరాలా నిజమే కావచ్చు. కానీ ఆ లేఖ ఎవరి గుండా వెళ్లాలో ఆ మనిషి దాన్ని పంపరు. పంపినా, 'పలుమార్లు ఎప్పుడు విన్నవించారు?' అన్న ప్రశ్న తోడుగా వెళ్తుంది. చర్చ రోవర్ మీద నుంచి ఎవరు ఎవరికి ఏం చెప్పారన్న దాని మీదికి మారుతుంది. అలా మారిందంటే పైకి వెళ్లడం బెడిసికొట్టిందని గుర్తు. పై నుంచి వచ్చే మొదటి జవాబు పని గురించి ఉందా, మనిషి గురించి ఉందా అని చూస్తే చాలు, లేఖ ఎలా అందిందో తెలిసిపోతుంది.

మరి మధ్య అధికారి లేఖను పంపకుండా దగ్గరే పెట్టుకుంటే? దీనికీ కార్యాలయాల్లో ఒక అలవాటుంది, అడ్వాన్స్ కాపీ. అసలు లేఖ మధ్య అధికారి ద్వారా వెళ్తుంది, ఒక ప్రతి ముందుగా పై అధికారికి చేరుతుంది. అయితే దీన్ని మొదటిసారే వాడటం నాకు మంచిదనిపించదు. ముందు నోటితో చెప్పాలి: 'సార్, వారంలోగా వెళ్లకపోతే సమీక్షలో మనిద్దరినీ అడుగుతారు. ఒక ప్రతి ముందే పంపమంటారా?' ఇలా అడిగి పంపిన ప్రతికీ, తెలియకుండా పంపిన ప్రతికీ కాగితంలో ఒక్క అక్షరం తేడా ఉండదు. అందుకునే తీరులో మాత్రం చాలా తేడా ఉంటుంది. మెయిల్‌లో పై అధికారిని చెప్పకుండా సీసీలో పెట్టడం కూడా ఈ కోవకే వస్తుంది. చెప్పి పెడితే అది సమాచారం, చెప్పకుండా పెడితే సాక్షిని పిలిచినట్టు.

ఈమధ్య చాలా ఆఫీసుల్లో ఈ పనంతా వాట్సాప్ గ్రూపులోనే జరుగుతోంది. మండల, డివిజన్ అధికారులంతా ఉన్న గ్రూపులో 'రోవర్ లేక పని ఆగింది సార్' అని పెట్టడం సులువు. దీన్ని నేను గట్టిగా వద్దంటాను. గ్రూపులో పెట్టిన మాటను ఒక్క పై అధికారి మాత్రమే చదవరు, పక్క మండలాల వాళ్లూ చదువుతారు. ఒకరి ఇబ్బంది నలుగురి ముందు బయటపడ్డాక దాన్ని సరిదిద్దే ఓపిక మిగలదు. పైగా మర్నాటికి ఆ సందేశం పైకి జరిగిపోతుంది, ఫైలులో ఎక్కడా ఉండదు.

ఎమ్మెల్యే సిఫారసు లేఖ తేవడం మన దగ్గర మరో దారి. నాదెండ్ల మండలం చిలకలూరిపేట నియోజకవర్గంలో ఉంది కాబట్టి రెవెన్యూ పనికి నరసరావుపేట, సిఫారసుకు చిలకలూరిపేట అన్నట్టు ఉంటుంది. రైతు తన ప్రజాప్రతినిధిని కలవడంలో తప్పు లేదు, అది ఆయన హక్కు. ఉద్యోగి పరిస్థితి వేరు. తన సర్వీసు విషయాల్లో పై అధికారుల మీద రాజకీయ ఒత్తిడి తేవడాన్ని ప్రభుత్వోద్యోగుల ప్రవర్తన నియమాలు నిషేధిస్తున్నాయి. నియమాన్ని పక్కన పెట్టినా, సిఫారసు చేరగానే విషయం మళ్లీ పని మీద నుంచి మనుషుల మీదికి మళ్లుతుంది.

ఇప్పుడు రైతు వైపు వద్దాం. ఆయన ముందుగా తహసీల్దారు గారికి రాయాలి. అప్పటిదాకా ఆయన మాట్లాడింది సర్వేయరుతోనే, తహసీల్దారుకు విషయమే తెలిసి ఉండకపోవచ్చు. దరఖాస్తు నంబరు, తేదీ, రశీదులో ఉన్న గడువు, సర్వేయరు చెప్పిన కారణం రాసి, ఏ తేదీకి కొలత జరుగుతుందో తెలపమని కోరాలి. కాగితం ఇచ్చి రెండో ప్రతి మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోవాలి. ఆ ముద్ర తర్వాత చాలా పనికొస్తుంది. 'ఎన్నిసార్లు తిరిగినా' అని కోపంగా రాయాల్సిన చోట తేదీ రాస్తే సరిపోతుంది.

దానికీ జవాబు రాకపోతే ఆర్డీఓ. ఆ లేఖలో వాక్యాలు కొంచెమే మారతాయి: 'నా దరఖాస్తు ఫలానా తేదీది. కొలతకు రోవర్ అందుబాటులో లేదని సర్వేయరు గారు తెలిపారు. ఫలానా తేదీన తహసీల్దారు గారికి విన్నవించాను, ప్రతి జతపరిచాను. పరికరం విషయం మండల స్థాయిలో తేలేది కాదని అర్థమై మీకు రాస్తున్నాను. కొలత తేదీ ఖరారు చేయించగలరు. ప్రతి: తహసీల్దారు గారికి, సమాచారం కోసం.' తహసీల్దారుకు పంపే ఆ ప్రతిని ఆర్డీఓ లేఖ ఇచ్చిన రోజే ఇవ్వాలి. పై నుంచి ఫోను వచ్చాక ఆయనకు తెలియడం కన్నా, రైతు చేతి మీదుగా ముందే తెలియడం నయం. ఆర్డీఓ గారు అడిగేసరికి ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది.

కలెక్టరేట్‌లో సోమవారం జరిగే పీజీఆర్‌ఎస్ మండల, డివిజన్ స్థాయుల్లోనూ ఉంది. నా సలహా అయితే అక్కడి నుంచే మొదలుపెట్టాలి. పైన చెప్పినట్టు కాగితం ఎలాగూ కిందికే దిగుతుంది. ఒక ఇబ్బంది మాత్రం ఉంది. అర్జీలు గడువులోగా ముగించాలన్న ఒత్తిడిలో, పని జరగకుండానే ఎండార్స్‌మెంట్ ఇచ్చి అర్జీని ముగించడం జరుగుతుంటుంది. రైతులు దీన్ని చూసి నిరాశపడతారు. కానీ ఆ ఎండార్స్‌మెంట్‌ను పారేయకూడదు. 'వీలుకాదు, కారణమిది' అని రాతపూర్వకంగా వచ్చిందంటే, మౌనం పోయి ఒక కారణం చేతికి వచ్చినట్టు. ఆ కారణం తప్పైతే అర్జీని మళ్లీ తెరిపించవచ్చు, లేదా ఆ కారణాన్నే పట్టుకుని ఒక మెట్టు పైకి వెళ్లవచ్చు.

మూడో రకంలో, అంటే తహసీల్దారు ఉత్తర్వే ఇచ్చి మనకు కాదన్నప్పుడు, దారి పూర్తిగా వేరు. 1971 నాటి భూమి హక్కుల, పట్టాదారు పాసుపుస్తకాల చట్టం ప్రకారం రికార్డు మార్పుపై తహసీల్దారు ఇచ్చిన ఉత్తర్వు మీద ఆర్డీఓకు 60 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. ఇది ఫిర్యాదు కాదు. తహసీల్దారు చెడ్డవారని నిరూపించనక్కరలేదు, ఉత్తర్వులో పొరపాటు ఎక్కడుందో చూపాలి. చాలామంది ఈ గడువంతా అర్జీల మీద అర్జీలు పెట్టడంలో గడిపేస్తారు. అర్జీ ఇచ్చినంత మాత్రాన అప్పీలు గడువు ఆగదు.

నింద లేకుండా పైకి వెళ్లే ఏర్పాటును చట్టంలోనే చక్కగా కూర్చిన చోటు, నా దృష్టిలో, 2005 నాటి సమాచార హక్కు చట్టం. సమాచారం అడిగిన 30 రోజుల్లో జవాబు రాకపోతే, నిరాకరించినట్టే లెక్కిస్తారు. ఎందుకు రాలేదో, ఎవరి తప్పో అర్జీదారు చెప్పనక్కరలేదు. గడువు దాటడమే కారణంగా సరిపోతుంది. మొదటి అప్పీలు వెళ్లేది బయటి సంస్థకు కాదు, ఆ కార్యాలయంలోనే సమాచార అధికారి కన్నా హోదాలో పెద్దవారికి. మామూలుగా దాన్ని 30 రోజుల్లో తేల్చాలి, కారణం రాసి 45 రోజుల దాకా తీసుకోవచ్చు. ఆ పెద్ద అధికారికి జరిమానా వేసే అధికారం లేదు. రోజుకు 250 రూపాయల చొప్పున 25 వేల దాకా వేసే జరిమానా సమాచార కమిషన్ చేతిలోనే ఉంది, అది రెండో అప్పీలు మెట్టు. మొదటి మెట్టులో శిక్ష లేకపోవడం లోపమని కొందరంటారు. ఈ వ్యాసం దృష్టితో చూస్తే అదే దాని బలం. శిక్ష భయం లేనప్పుడు కింది అధికారికి తనను సమర్థించుకునే అవసరం తగ్గుతుంది, కాగితం ఇచ్చేస్తే గొడవ అక్కడితో తీరిపోతుంది. మన రైతు కూడా 'సర్వేయరు ఎందుకు రాలేదు' అని కాక, 'నా దరఖాస్తు ఫైలు నకలు, రోవర్ కేటాయింపు ఉత్తర్వు నకలు ఇవ్వండి' అని అడిగితే, పని ఎక్కడ ఆగిందో ఆ నకలే చెబుతుంది.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల 1965 నాటి క్రమశిక్షణ నియమాల్లోనూ ఇదే ఆలోచన కనిపిస్తుంది. శిక్ష మీద అప్పీలు చేసే ఉద్యోగి దాని ప్రతిని ఆ ఉత్తర్వు ఇచ్చిన అధికారికి కూడా పంపాలి, అందులో అమర్యాదకరమైన భాష ఉండకూడదు. తనకు శిక్ష వేసిన మనిషికే ప్రతి ఇవ్వమని నియమమే చెబుతోంది. దాచి పైకి వెళ్లడం అన్నది ఆ పద్ధతిలోనే లేదు. మధ్యవారికి తెలిసేలా వెళ్లడం బలహీనత అనుకునేవాళ్లు ఈ నియమాన్ని ఒకసారి చూడాలి.

ఈ మర్యాదకు హద్దులున్నాయి. లంచం అడిగిన అధికారి గుండా లంచం ఫిర్యాదు పంపరు, అది అవినీతి నిరోధక శాఖకు వెళ్లాలి. లైంగిక వేధింపుల ఫిర్యాదుకు 2013 చట్టం కింద వేరే కమిటీ ఉంది, మామూలుగా మూడు నెలల్లోపు ఇవ్వాలి. దానికి పై అధికారి అనుమతి గానీ ముందస్తు సమాచారం గానీ అక్కర్లేదు. మిల్లులో యంత్రం కాపుదల లేక చెయ్యి పోయే ప్రమాదం ఉందనుకోండి, అప్పుడు షిఫ్టు సూపర్‌వైజరు నొచ్చుకుంటాడేమోనని వారం ఆగడం తప్పు. ఇవి పైకి వెళ్లడం కాదు, ఫిర్యాదు చేయడం. రెండింటినీ కలపకూడదు. కలిపేసినందువల్లే మామూలు పని గురించి పైకి వెళ్లినా ఫిర్యాదులాగే కనిపిస్తోంది.

మన ఉదాహరణలో రోవర్ వచ్చిందనుకుందాం. కొలత జరిగింది, 80 సెంట్లకు కొత్త హద్దు పడింది. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. రైతు మరో రెండు వాక్యాలు రాయాలి: ఫలానా తేదీన కొలత పూర్తయింది, సర్వేయరు గారు, తహసీల్దారు గారు సహకరించారు, నా అర్జీని ముగించగలరు. ఇది ఆర్డీఓకు వెళ్తుంది, ప్రతి తహసీల్దారుకు వెళ్తుంది. సర్వేయరు కూడా మండల సర్వేయరు ద్వారానే జిల్లా కార్యాలయానికి పూర్తయిన దరఖాస్తుల జాబితా పంపాలి. వచ్చే సీజన్‌లో అదే రోవర్ మళ్లీ వేరే ఊరికి వెళ్తుంది, అదే రైతుకు అమ్మినవాళ్ల దగ్గర మిగిలిన ఎకరా ఇరవై సెంట్ల విషయంలోనో, పక్కవాళ్ల హద్దు విషయంలోనో అదే ఆఫీసులో పని పడుతుంది. అప్పుడు తహసీల్దారు ఫైలు తెరిస్తే కిందటిసారి కాగితాలన్నీ అందులోనే ఉంటాయి.